ఖాళీ గోడౌను, నిండు హాలు

మొదట్లో జగన్నాథరావు చేతిలో ఉన్నది ఇది: నిడదవోలు స్టేషన్ వెనక ఒక గోడౌను, అందులో కప్పుకి తగిలేలా పేర్చిన గోతాలు, ముప్పై ఏళ్లు నాటకాలాడి సంపాదించిన గొంతు విద్య. చేతిలో లేనిది గొంతు.

అది పోయిన తీరు తలుచుకుంటే అతడికే తన మీద కోపం వచ్చేది. స్టేజీ మీద గొంతుని అతడెప్పుడూ పొదుపుగా వాడాడు. ఎంత ఊపిరికి ఎంత మాట అన్నది చూసుకుని మరీ నోరు తెరిచేవాడు. బతుకుతెరువైన గోతాల కొట్లో మాత్రం ఆ జాగ్రత్త లేదు. లారీని వెనక్కి తీయించడానికి, కూలీల్ని కేకేయడానికి, రోడ్డవతల మనిషితో బేరమాడటానికి పొద్దస్తమానం అరిచేవాడు. దానికి తోడు గోతాల దుమ్ము. చివరికి గొంతులో కాయ లేచింది. కాకినాడలో కోసి తీశారు. మెల్లగా మాట్లాడుకోవచ్చు గానీ ఇక అరవడం, స్టేజీ ఎక్కడం మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అప్పటికతడికి యాభై మూడేళ్లు.

గొంతు పోయినా నాటక సమాజం మిగిలింది. వాళ్ల సమాజానికి ఉన్న పరువంతా రాజమండ్రిలో ఏటా డిసెంబరులో జరిగే ఒక పోటీ మీదే ఉంది. ఆ పోటీ పెట్టినాయన పాతకాలపు నటుడు. మైకు వచ్చాక నటుడికి వెన్నెముక పోయిందని నమ్మినవాడు. అందుకని ఆ హాల్లో మైకు ఉండదు. నాటకాలన్నీ పగలే ఆడతారు. ఆడుతున్నంతసేపూ ఫ్యాన్లు ఆపేస్తారు, తలుపులు మూసేస్తారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన చివరి వరుసలో కూర్చుంటాడు. ఆయన ఒళ్లో నాటకం రాతప్రతి ఉంటుంది, చేతిలో ఎర్ర పెన్సిలు ఉంటుంది. వినపడని మాట కింద గీత గీయడమే ఆయన పని. మొత్తం మార్కుల్లో సగం ఆ గీతలే తేలుస్తాయి. వరసగా మూడేళ్లు ఏ బహుమతీ రాని సమాజాన్ని నాలుగో ఏడు పిలవరు. జగన్నాథరావు స్టేజీ దిగాక రెండేళ్లు వట్టి చేతులతో వచ్చారు. ఇది మూడో ఏడు.

వేషం కట్టడానికి మనిషి కావాలి. వెతగ్గా వెతగ్గా రాజరత్నం దొరికాడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెప్పే మనిషి. ముప్పై రెండేళ్లవాడు, నదురుగా ఉంటాడు, గొంతు కంచులా ఉంటుంది. అతడు పెనుగొండ బస్సు గురించి చెప్తే ఎక్కాల్సిన పని లేనివాడు కూడా తలెత్తి చూస్తాడు. జగన్నాథరావు అతణ్ణి గోడౌనుకి పిలిపించి, మైకు లేకుండా నాలుగు మాటలు చెప్పించాడు. పది అడుగులు దాటి ఒక్క మాటా కదల్లేదు.

“ఏమయ్యా రత్నం, మీ బస్టాండోళ్లు నీ గొంతుని మైకులోనే పెట్టి తాళం వేసుకున్నారేంటి?” అన్నాడు జగన్నాథరావు, తనకి మిగిలిన సన్నటి గొంతుతో.

“బయట స్తంభాలకి కట్టిన మైకు హారన్లు నా మాట నాకే తిరిగి చెప్తాయండి. నేను చెప్పేది కొంచెమే,” అని నవ్వాడు రాజరత్నం.

ఆ మాట అప్పుడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు.

ముందు చోటు కావాలన్నాడు జగన్నాథరావు. గోతాలుంటే మనిషి నిలబడటానికే సందు లేదు. మరో నెల ఆగితే కోతలు అయి, మిల్లులవాళ్లు గుమ్మం ముందు నిలబడి గోతాలు అడుగుతారని తెలిసినా, ఆగకుండా సరుకంతా తెగనమ్మేశాడు. గోడౌను ఖాళీ అయింది. నున్నటి సిమెంటు గోడలు, పైన రేకులు. గుమ్మంలో దగ్గితే ఆ చివర ఇంకోడు దగ్గినట్టుండేది.

భర్తకి టీ తెచ్చిన లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి నవ్వింది. గోతాలున్నప్పుడు తాను ఇక్కణ్ణించి గొంతు పోయేలా పిలిచినా లోపలున్న మనిషికి వినపడేది కాదనీ, ఇప్పుడు గ్లాసు కింద పెట్టినా ఊరంతా వినపడేలా ఉందనీ అంది. జగన్నాథరావు కూడా నవ్వాడు. అందుకే గదా ఖాళీ చేయించింది అన్నాడు. గోతాలమ్ముకుని బతికినవాడు, గోతాం మాటని మింగుతుందన్న సంగతి ఆరోజు పెళ్లాం నోట విని కూడా నవ్వి ఊరుకున్నాడు.

పాఠం కాళ్లతో మొదలైంది. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి. బరువు రెండు కాళ్ల మీదా సమంగా పడాలి. మోకాళ్లు బిగియకూడదు. దూరంగా ఉన్నవాడితో మాట్లాడాలంటే ఎవడైనా గడ్డం పైకెత్తి మెడ ముందుకు చాస్తాడు. రాజరత్నం కూడా అదే చేశాడు. జగన్నాథరావు రెండు వేళ్లతో ఆ గడ్డాన్ని కిందికి దించేవాడు. గడ్డం లేస్తే గొంతు బిగుస్తుందనీ, చూపు ఆఖరి గోడ మీద ఉండాలి గానీ మెడ అక్కడికి పోకూడదనీ చెప్పేవాడు. తర్వాత ఊపిరి. భుజాలు లేవకుండా, కింది పక్కటెముకలు పక్కలకి విచ్చుకునేలా పీల్చాలి. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద మడత పెట్టిన గోతాం ఒకటి వేసి, అది లేచి దిగుతుంటే లెక్కపెట్టించేవాడు. గోడౌనులో మిగిలిన గోతాం అదొక్కటే.

ఆ తర్వాత మోత. పెదాలు మూసి మకారం పట్టుకోమనేవాడు. ముక్కు దూలం దగ్గరా బుగ్గ ఎముకల్లోనూ సన్నగా అదిరేదాకా పట్టుకుని, ఆ అదురు పోకుండా నోరు నిలువుగా తెరిచి ‘మా’ అనాలి. ఆ మోత అక్కడ కుదిరితే గొంతుకి పని తగ్గుతుంది. అరిచినవాడి గొంతు ముందు వరుసకి మొరటుగా తగిలి, వెనక వరుసకి చేరేసరికి మాట ముక్కలవుతుంది. ఈ సంగతి ఆరు వారాల్లో ఎన్నిసార్లు చెప్పాడో అతడికే తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు హల్లుల మీద గడిచాయి. అచ్చు శబ్దాన్ని మోసుకుపోతుంది, అదేం మాటో చెప్పేది హల్లు. పెదాలు పూర్తిగా కలిసి విడితేనే పకారం. నాలుక కొస పళ్లకి తగిలితేనే తకారం, అంగిలికి తగిలితేనే టకారం. ఒత్తున్న చోట నాలుకని ఒక క్షణం ఆపి వదలాలి. ఇక వాక్యం చివర. మన మాటలో పని జరిగిందో లేదో చెప్పేది చివరి మాట. సరిగ్గా అక్కడికొచ్చేసరికే మనిషికి ఊపిరైపోయి గొంతు దిగిపోతుంది. ఎర్ర గీతలు ఎక్కువగా పడేది అక్కడే. బస్టాండులో రాజరత్నం వాక్యాలన్నీ అలాగే జారిపోయేవి. పోనీలే, బస్సెక్కేవాళ్లకి ఊరి పేరు వినపడితే చాలు.

దీనికి జగన్నాథరావు దగ్గర ఒక పరీక్ష ఉంది. గోడౌను ఆ చివర రాజరత్నం, ఈ చివర తాను. గొంతు వాడకుండా, ఊపిరితో, బలవంతం చేయకుండా మాట చెప్పాలి. ఈ చివరికి అర్థమైతే నాలుకా పెదాలూ పని చేస్తున్నట్టు. నెల తిరిగేసరికి నాటకంలో చివరి మాట అలా చెప్తే ఈ చివరికి స్పష్టంగా వచ్చింది.

నాటకం పేరు ‘లాకు తలుపు’. రాసింది స్కూలు మాస్టారు వీరబ్రహ్మం. వరద రోజు పై ఊరిని కాపాడాలంటే కాలవ మీది లాకు తలుపు తెరవాలి, తెరిస్తే కింది గూడెం మునుగుతుంది. లాకు కాపలావాణ్ణి ఒకరి తర్వాత ఒకరొచ్చి బెదిరిస్తారు, బతిమాలతారు. చివరికి అతడు అందరి మొహాలూ చూసి, “నేను ఈ తలుపు తెరవను,” అంటాడు. తెర పడుతుంది. తెరుస్తాడా తెరవడా అన్నది ఆ చివరి మాటలోనే తేలుతుంది.

పోటీకి ముందురోజు సాయంత్రం రైల్లో గోదావరి దాటి వెళ్లి, హాలు చూసుకున్నారు. ఏడు వందల కుర్చీలు, అన్నీ ఖాళీ. రాజరత్నం స్టేజీ మీద నిలబడి నాలుగు వాక్యాలు చెప్పాడు. హాలు గోడౌనులాగే అతడి మాట అతడికి తిరిగిచ్చింది. కిందికి దిగి, మన గోడౌనే పెద్దదైనట్టుందండి, అన్నాడు సంబరంగా. జగన్నాథరావు కూడా చివరి వరుసలో కూర్చుని విని తృప్తిపడ్డాడు. తాను ఎన్నోసార్లు ఈ స్టేజీ ఎక్కినవాడు. నిండిన హాలు వేరుగా ఉంటుందని ఒళ్లు ఎరుగును. కానీ ఒళ్లు ఎరిగినదాన్ని నోటితో చెప్పాలన్నది ఆ సాయంత్రం తట్టలేదు. తాను ఎన్నడూ తన మాట తిరిగి రావాలని కోరుకున్నవాడు కాదు, అందుకని.

మర్నాడు పదకొండింటికి వాళ్ల నాటకం. ఆ ఏడు చలి గట్టిగా ఉంది. హాలు నిండింది. నిలబడ్డవాళ్లు నిలబడ్డారు. శాలువాలు, స్వెట్టర్లు, తలకి చుట్టుకున్న తువ్వాళ్లు. సమాజం పెద్దగా జగన్నాథరావుకి చివరి వరుసలో చోటిచ్చారు. ఒక పక్క ఎర్ర పెన్సిలాయన, వెంకటరాజు గారు. ఇంకో పక్క శాలువా కప్పుకున్న రైతూ అతడి భార్యా. ఫ్యాన్లు ఆగాయి. తలుపులు మూశారు. తెర లేచింది.

రాజరత్నం మొదటి వాక్యం చెప్పాడు. ఆ వాక్యం ఎంత చక్కగా వచ్చిందంటే జగన్నాథరావుకి కళ్లు చెమర్చాయి. ప్రతి హల్లూ విడివిడిగా, చివరి క్రియ చివరి అక్షరం దాకా, చెవి పక్కన చెప్పినట్టు వచ్చి తగిలింది. వెంకటరాజు గారి పెన్సిలు కదల్లేదు. రెండో వాక్యం, మూడోది. పెన్సిలు కదల్లేదు.

నాలుగో వాక్యానికి రాజరత్నం గడ్డం లేచింది.

ఎందుకు లేచిందో జగన్నాథరావుకి వెంటనే అర్థం కాలేదు. అయిదో వాక్యం కొంచెం గట్టిగా వచ్చింది. ఆరోది ఇంకొంచెం. అప్పుడతడు ముందున్న తలల వైపు చూశాడు. ఇరవై నాలుగు వరుసల శాలువాలు, స్వెట్టర్లు, మనుషులు. వరుసగా, కిక్కిరిసి, కప్పిన గుడ్డలతో కూర్చున్నవాళ్లు అతడి కంటికి ఒక్కసారిగా దొంతులుగా పేర్చిన గోతాల్లా కనిపించారు. మాట వాళ్లలోకి పోతోంది, తిరిగి రావడం లేదు. ఇక్కడ చివర కూర్చున్నవాడికి మాట ముట్టింది. అక్కడ చెప్పినవాడికి మాత్రం ఏమీ తిరిగి రాలేదు. ఆరు వారాలు గోడ జవాబు విని, పదేళ్లు హారన్ల జవాబు విని, జవాబే మాట అనుకున్న మనిషి ఇప్పుడు దీపాల వెలుగులో చీకట్లోకి చూస్తూ, తన మాట ఎవరికీ చేరడం లేదనుకుంటున్నాడు. అందుకే అరుస్తున్నాడు.

మెడలో నరం తేలింది. భుజాలు లేచాయి. మోత బుగ్గల్లోంచి దిగి గొంతులో పడింది. వెంకటరాజు గారి పెన్సిలు మొదటి గీత గీసింది.

వినపడుతోందిరా అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ ఒక్క మాట ఇరవై నాలుగు వరుసలు దాటించగల విద్య జగన్నాథరావు దగ్గరుంది, దాటించే గొంతు లేదు. ఉన్నా లాభం లేదు, హాల్లోంచి స్టేజీకి సైగ చేసినా నాటకాన్ని తప్పిస్తారు. లేచి వెనక దారిన వెళ్దామని తలుపు దగ్గరికి పోతే, బ్యాడ్జి పెట్టుకున్నతను చేతులు జోడించి, రంగం మారేదాకా తలుపు తీయకూడదండి, మీకు తెలియనిదేముంది, అన్నాడు. నిజమే. ఆ రూలుని ఒకప్పుడు మెచ్చుకున్నవాళ్లలో జగన్నాథరావు ఒకడు.

మొదటి రంగం అయింది. స్టేజీ దీపాలార్పి హాల్లో దీపాలు వేశారు. రెండు నిమిషాల విరామం, వెనక దారిన చుట్టి వెళ్లడానికి చాలదు. నడవాలో కూడా జనం కూర్చుని ఉన్నారు, అతడు పది అడుగులు కూడా పోలేకపోయాడు. జేబులో ఉన్న కరపత్రం వెనక ‘వినపడుతోంది. అరవకు’ అని రాసి, తెర పక్కనున్న వీరబ్రహ్మం మాస్టారికి అందించమని తన ముందు వరుసవాళ్లకిచ్చాడు. కాగితం చేతులు మారుతూ పోయింది. తొమ్మిది వరుసలు వెళ్లడం చూశాడు. పదో వరుసలో చంటిపిల్లని బుజ్జగిస్తున్న ఒకాయన దాన్ని దీపం వెలుగుకి పెట్టి చదివాడు. వెనక్కి తిరిగి, “ఎవడండీ ఇది రాసింది? మీ ఇంట్లో పిల్లలేడవరా?” అన్నాడు. పక్కవాళ్లు ఊరుకోబెట్టారు. అతడు కాగితం నలిపి కుర్చీ కింద వేశాడు. స్టేజీ దీపాలు వెలిగాయి.

రెండో రంగంలో జగన్నాథరావు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాజరత్నం గొంతు పగలడం విన్నాడు. మొదట పైస్థాయిలో చీలింది. తర్వాత జీర వచ్చింది. అరుపు పెరిగేకొద్దీ హల్లులు అచ్చుల కింద పడి నలిగిపోయాయి. శబ్దం బోలెడు, మాట లేదు. పక్కనున్న రైతు భార్యని అడిగాడు, ఏమంటున్నాడే అని. ఆవిడ ఏమో అంది. పెన్సిలు పేజీ మీద గీస్తూనే ఉంది. ఆ చప్పుడు మాత్రం జగన్నాథరావుకి బాగా వినపడుతోంది.

మూడో రంగానికి రాజరత్నానికి గొంతే లేదు. బెదిరించేవాళ్లు, బతిమాలేవాళ్లు తమ మాటలు చెప్పుకుపోతున్నారు. అతడి జవాబులు పెదాల మీదే ఆరిపోతున్నాయి. ముందు వరుసల్లో ఎవరో నవ్వారు. ఎవరో దగ్గారు. మూడేళ్ల లెక్క ఈ నిమిషంతో ముగిసిందని జగన్నాథరావుకి తెలిసిపోయింది. ఇంక చూడాల్సింది లేదు. అయినా తల తిప్పుకోలేకపోయాడు.

చివరి మాట వచ్చింది. రాజరత్నం నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. హాలంతా అతడి వంక చూస్తోంది. అతడు నోరు మూశాడు.  అప్పుడు జగన్నాథరావు అతడి కాళ్లు చూశాడు. కుడి పాదం ఒక జానెడు పక్కకి జరిగింది. మోకాళ్లు వదులయ్యాయి. గడ్డం దిగింది. పక్కటెముకలు విచ్చుకున్నాయి. ఇక జవాబు కోసం చూడకుండా, తిరిగి రావాలని ఆశపడకుండా, గోడౌనులో పరీక్షకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. నవ్వినవాళ్లు, దగ్గినవాళ్లు ఆగారు. 

గొంతు కాదది. సగం ఊపిరి. దాని మీద నాలుకా పళ్లూ పెదాలూ చేసిన చప్పుళ్లు. “నేను. ఈ తలుపు. తెరవను.”

తెర పడింది.

జగన్నాథరావుకి వినపడింది. కానీ వినపడిందో, ఆరు వారాలుగా వింటున్న మాట కనక చెవి దానంతటదే పూరించుకుందో అతడికి తెలియలేదు. కొనేవాడే తూకం వేసుకుంటే ఆ తూకాన్ని ఎవరు నమ్ముతారు? వెంకటరాజు గారి వైపు చూడటానికి భయమేసింది.

పక్కన రైతు భార్య మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. “ఏంటంట?”

“తెరవడంట,” అన్నాడు రైతు, శాలువా సర్దుకుంటూ.

అంతే. నాటకం గురించి ఏమీ తెలియని మనిషి, ముందు రంగం సగం అర్థం కానివాడు, ఆఖరి వరుసలో కూర్చుని చెప్పిన మాట.

బహుమతి రాలేదు. రాజరత్నం స్టేజీ వెనక గోనెపట్టా మీద కూర్చుని, కళ్లనీళ్లతో, వినపడలేదు గదండీ అని చేత్తో అడిగాడు. మొదటి వాక్యం నుంచీ వినపడిందని జగన్నాథరావు చెప్పాడు. రాజరత్నం నమ్మలేదు. నిజం చెప్పినా ఓదార్పులాగే ఉంది. ఖాళీ చోట నిన్ను నేర్పి నిండు చోటికి పంపాను, తప్పు నాదిరా, అన్నాడు జగన్నాథరావు. అదీ ఓదార్పులాగే ఉంది. ఇద్దరూ సాయంత్రం రైలెక్కి వంతెన దాటి ఊరు చేరారు. 

ఇక లెక్క. పోటీ పిలుపు పోయింది, మరుసటి ఏడు ఉత్తరం రాలేదు. రాజరత్నం మూడు వారాలు నోరు మూసుకుని ఉండి గొంతు తెచ్చుకున్నాడు. ఈలోపు బస్టాండులో మైకు ముందు ఇంకోడు కూర్చుని, రాజమండ్రి బస్సుని రావులపాలెం బస్సని చెప్పి తిట్లు తిన్నాడు. సంక్రాంతి దాటాక జగన్నాథరావు మళ్లీ గోతాలు కొని గోడౌను కప్పుదాకా నింపాడు, మధ్యలో మనిషి పట్టే సందు ఒకటి మాత్రం వదిలాడు. ఆ సందు ఆ చివర, తన మాట తనకి తిరిగి రాని చోట, రాజరత్నం ఆదివారాలు నిలబడతాడు. పోటీ లేదు, వేషం లేదు. ఎందుకొస్తున్నావని లోవలక్ష్మి ఒకసారి అడిగితే, వినపడిందో లేదో నాకే తెలియాలండి, అన్నాడట.

రాతప్రతిని పోటీవాళ్లు తిరిగి పంపారు. గోడౌను బల్ల సొరుగులో ఉంది. పదహారు పేజీలు. మొదటి మూడు వాక్యాలు వదిలేస్తే పేజీ పేజీకీ ఎర్ర గీతలే, చివర్లో గీతల మధ్య అక్షరాలు వెతుక్కోవాలి. పదహారో పేజీ అడుగున ‘తెరవను’ అన్న మాట కింద ఎర్ర పెన్సిలు ఆన్చిన చుక్క ఉంది. చుక్క గీతగా సాగలేదు.

పోయినవన్నీ పోగా వచ్చింది అది.